లెక్కల మాస్టారికి లెక్కలేనంత ప్రేమతో

నెలాఖరు వచ్చిందంటే ఏదో ఒక బడిలోనో, బ్యాంకులోనో, బస్సు డిపోలోనో వీడ్కోలు సభ ఉంటుంది. మన దగ్గర ప్రభుత్వోద్యోగులు వయసు నిండిన నెలలో ఆఖరి రోజున రిటైరవుతారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లయితే అంతకుముందు నెలాఖరుకే దిగిపోతారు. స్టేజీ మీద ఫ్లెక్సీ, టేబుల్ మీద కేకు, పక్కన శాలువాలు, పూలదండలు. ఫ్లెక్సీ మీద మాత్రం దాదాపు ఎక్కడ చూసినా ఒకటే మాట: ‘పదవీ విరమణ శుభాకాంక్షలు’. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఫ్లెక్సీ మీద ఫొటో మార్చి ఇంకొకరి ఫొటో పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా ఒకేచోట చాకిరీ చేసిన మనిషికి, ఆ మనిషికే అతికినట్టుండే ఒక్క ముక్క రాయలేమా?

రాయొచ్చు. పెద్ద కవిత్వం అక్కర్లేదు. అయిదారు మాటల్లో ఒక చమత్కారం చాలు. అది చదివి ఆరో తరగతి పిల్లాడూ నవ్వాలి, రిటైరయ్యే మాస్టారి తల్లిగారూ నవ్వాలి. ఎవరి మనసూ చివుక్కుమనకూడదు. అదే కష్టమైన భాగం. ఆ కష్టం ఎక్కడుందో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం.

కోస్తాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకోండి. లెక్కల మాస్టారు ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. స్టాఫ్ రూమ్‌లో అయిదుగురు కూర్చుని ఫ్లెక్సీ మీద ఏం రాయాలో ఆలోచిస్తున్నారు. మొదట వచ్చేవి ఎప్పుడూ సులువుగా వచ్చేవే. ‘చాక్‌పీసుకు సెలవు, పెన్షన్‌కు స్వాగతం’ అని ఒకరంటారు. వినడానికి హుషారుగానే ఉంటుంది. కానీ రిటైరైన వాళ్లలో గ్రాట్యుటీ కోసం, రావాల్సిన బకాయిల కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే వాళ్లున్నారు. కూతురి పెళ్లి ఆ డబ్బు మీదే పెట్టుకున్న వాళ్లున్నారు. డబ్బు మాట ఎవరి గుండెలో ఎక్కడ గుచ్చుకుంటుందో బయటివాళ్లకు తెలియదు. కాబట్టి దాన్ని అక్కడితో వదిలేయాలి.

‘ఇక నుంచి ఇంట్లో హెడ్మాస్టారి కింద ఉద్యోగం’ అని ఇంకొకరంటారు. గదిలో అందరూ నవ్వుతారు. అయితే ఆ ఫ్లెక్సీ కింద, స్టేజీ మీదే, మాస్టారి భార్య కూర్చుని ఉంటారు. ఆవిడను గయ్యాళిని చేసి నవ్వించిన మాట అది. ఆవిడ నవ్వుతారు కూడా, నవ్వక ఏం చేస్తారు? ఇన్నేళ్లూ పొద్దున్నే క్యారేజీ కట్టి పంపిన మనిషికి ఆ సభ ఇచ్చే బహుమతి అదేనా? జోకు ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి. సన్మానం జరిగే మనిషి మీదా, వాళ్ల ఇంటివాళ్ల మీదా పడకూడదు. పడితే పనిమీదో, వస్తువు మీదో, వేడ్కోలు పలికే మన మీదో పడాలి.

మూడోది వయసు. ఒక సినిమా పంచ్ డైలాగుకు ‘62’ తగిలించడం ఇప్పుడు ఫ్యాషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 62, తెలంగాణలో 2021 నుంచి 61. ఆ వయసులో మనిషి పొద్దున్నే వాకింగ్ చేసి, స్కూటర్ తోలుకుంటూ బడికి వస్తున్నాడు. ‘పండుటాకు’, ‘కృష్ణారామా’, ‘మనవళ్లతో ఆటలు’ లాంటి మాటలు ఆయనకు తగవు. మనవళ్ల మాటలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అందరికీ మనవళ్లు ఉండరు, కొందరికి పిల్లలే ఉండరు. సినిమా డైలాగుకైతే వేరే చిక్కు: ఆ సినిమా చూడనివాళ్లకు అది అర్థం కాదు. పైగా మన పంచ్ డైలాగులన్నీ ఎవరినో బెదిరించేవే. లెక్కలు చెప్పిన చేతులతో తొడకొట్టించడం దేనికి?

నాలుగోది కాస్త తెలివైన తప్పు. తెలుగు టీచరమ్మ ‘లెక్క తేలింది మాస్టారూ’ అన్నారనుకుందాం. లెక్కల మాస్టారు గనుక ‘లెక్క’ అనే మాట మీద ఆడుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ ‘లెక్క తేలడం’, ‘లెక్క తేల్చడం’ మన వాడుకలో తగువుల మాటలు. ‘నీ లెక్క తేలుస్తా’ అంటే ఏమిటో చిన్నపిల్లలకూ తెలుసు. శ్లేష రాసినప్పుడు రెండో అర్థం మనం అనుకున్నదొక్కటే ఉంటుందని భరోసా లేదు. మూడోది ఎక్కడో దాక్కుని ఉంటుంది. అందుకే రాసిన ముక్కను ఆ గదిలో లేని మనిషికి వినిపించాలి. వినగానే వాళ్ల మొహంలో ముందు ఏ భావం కనిపించిందో అదే సభలో కూర్చున్న వాళ్లకూ కలుగుతుంది.

అదే ‘లెక్క’ను ఇంకో వైపు తిప్పితే ‘లెక్కల మాస్టారికి లెక్కలేనంత ప్రేమతో’ అని వస్తుంది. ఇందులో మాస్టారి వృత్తి ఉంది, ఆటా ఉంది. మనం ఇచ్చేది ప్రేమ, అది కొలతకు అందదని చెబుతున్నాం. రెండు సగాలూ ఒకే అక్షరాలతో మొదలవుతాయి గనుక చదివిన పిల్లాడికి నోటికి వచ్చేస్తుంది. మన సామెతలకు, పొడుపుకథలకు ఉన్న గుణమే ఇది. మొదటి అక్షరం కలిస్తే మాట నాలుక మీద నిలుస్తుంది. ‘పదవికే విరమణ, పలకరింపుకు కాదు’ అన్నా, ‘బదిలీ మీకే, బంధానికి కాదు’ అన్నా పనిచేసేది ఆ కలయికే.

అయినా ఇక్కడితో ఆగనక్కర్లేదు. ఇది ఏ లెక్కల మాస్టారికైనా సరిపోతుంది, ఈ మాస్టారికే ప్రత్యేకం కాదు. ఆయన్ని రోజూ చూసే అటెండర్‌ని పిలిచి, ‘సారు ఎప్పుడూ అనే మాట ఏంటయ్యా?’ అని అడిగితే తడుముకోకుండా చెబుతాడు: ‘స్టెప్పులు రాయకపోతే మార్కుల్లేవు అంటారండీ. వరండాలో పోతున్నా వినపడుద్ది.’ అదీ కావలసిన సరుకు. దాని నుంచి పిల్లల తరఫున ‘స్టెప్పులన్నీ మీవి, జవాబు మేము!’ అని రాయొచ్చు. ఆయన దగ్గర చదివిన ఇంజినీరూ, ఆటో నడిపేవాడూ, పదో తరగతి అమ్మాయీ ఒకేసారి ఆ ‘మేము’లోకి వచ్చేస్తారు. ఇది చదివిన మాస్టారికి కళ్లు చెమరుస్తాయని నా నమ్మకం.

రోజూ అనే మాటతో పాటు రోజూ చేసే పని కూడా పనికొస్తుంది. ఒకాయన ఏళ్ల తరబడి సెలవు పెట్టకుండా బడికి వచ్చారనుకోండి. ‘సెలవు అడగని మాస్టారు ఇవాళ సెలవంటున్నారు’ అని రాస్తే మెచ్చుకోలూ, దిగులూ, చమత్కారమూ మూడూ కలిసొస్తాయి. కానీ అది నిజమై ఉండాలి. నెలకు నాలుగు సెలవులు పెట్టే మనిషికి అదే రాస్తే వెక్కిరింత అవుతుంది. అలాగే అలవాటు ఎంచుకునేటప్పుడు ఆ మనిషి తనంతట తాను చెప్పుకుని నవ్వేదాన్నే ఎంచుకోవాలి. జేబులో చాక్‌పీసులు వేసుకుని మరిచిపోవడం అలాంటిది. నత్తి, బట్టతల, లావు, కోపం అలాంటివి కావు. ఆ మనిషే వాటి మీద జోకులు వేసుకుంటున్నా సరే, ఫ్లెక్సీ మీద అచ్చు వేసే హక్కు మనకు రాదు.

సామెతను కొద్దిగా మెలిపెట్టడం కూడా మనవాళ్లకు ఇష్టమైన దారి. ‘పెద్దల మాట చద్దిమూట’ అందరికీ తెలిసిందే. దాన్ని ‘మాస్టారి మాట చద్దిమూట... ఆ మూట మా దగ్గరే ఉంది!’ అని మారిస్తే బాగుంటుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అన్నదాన్ని తిరగేసి ‘రచ్చ గెలిచారు, ఇక ఇంట గెలవండి’ అని రాసేవాళ్లూ ఉంటారు. నాకు దీని మీద అనుమానం ఉంది. హాయిగా ఉన్న ఇల్లయితే నవ్వుతారు. ఇంట్లో ఏదో కలత ఉంటే ఆ మాట ముల్లే. ఇలా అనుమానం తగిలిన ముక్కను పక్కన పెట్టి ఇంకోటి వెతుక్కోవడమే మర్యాద.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. మన వీధుల్లో ఫ్లెక్సీ అంటే పుట్టినరోజు ఒకటి, శ్రద్ధాంజలి ఇంకొకటి. ఒంటరి ఫొటో, చుట్టూ పూల ఫ్రేము, కింద గీత గీసి రెండు తేదీలు పెట్టామంటే దూరం నుంచి చూసినవాళ్లు నిలబడి దణ్ణం పెట్టేస్తారు. ఉద్యోగంలో చేరిన సంవత్సరం, దిగిపోయే సంవత్సరం పక్కపక్కనే పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. తొందరలో ఎవరికీ తట్టదు, ఫంక్షన్ రోజు ఊరివాళ్లు గేటు దగ్గర ఆగి ‘అయ్యో, ఎప్పుడు?’ అని అడిగితే గానీ. తేదీలకు బదులు ‘36 ఏళ్ల పాఠాలు’ అని ఒక్క అంకె వేస్తే సరిపోతుంది. ఫొటో కూడా పాస్‌పోర్టు ఫొటో వద్దు. క్లాసులో బోర్డు ముందు నిలబడి ఉన్నదో, పిల్లల మధ్య నవ్వుతున్నదో వెయ్యాలి.

మాటల్లోనూ ఇదే జాగ్రత్త. ‘తుది వీడ్కోలు’, ‘కన్నీటి వీడ్కోలు’ పేపర్లలో ఎవరికి రాస్తారో తెలుసు కదా. ‘మమ్మల్ని విడిచి వెళ్లిపోతున్న’, ‘ఇక మా మధ్య లేని’ లాంటివీ అంతే. మనింట్లో చుట్టం గుమ్మం దిగుతూ ‘పోతాను’ అనడు, ‘వెళ్లొస్తా’ అంటాడు. మనమూ ‘పోండి’ అనం, ‘వెళ్లి రండి’ అంటాం. ఫ్లెక్సీ మీద కూడా ఆ తిరిగి రావడం ఎక్కడో ఒకచోట కనిపించాలి. ‘వెళ్లి రండి మాస్టారూ, హోంవర్క్ చేసి ఉంచుతాం’ అన్న పిల్లల మాటలో అది చక్కగా ఉంది.

ఇప్పుడు ఫ్లెక్సీ కొలతలకు వద్దాం. చాలామంది మాటలు ఎంచుకున్నాక పని అయిపోయిందనుకుంటారు, సగం చెడేది ఇక్కడే. బోర్డులు రాసేవాళ్లు పాటించే ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఒక అంగుళం ఎత్తుండాలి. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు వేసిన లెక్క. తెలుగులో అక్షరం లోపల వంపులు ఎక్కువ, తలకట్టూ గుడులూ పైన, ఒత్తులు కింద వస్తాయి గనుక దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవడం మంచిది. బడి ఆవరణలో ఆఖరి వరస స్టేజీకి యాభై అడుగుల దూరంలో ఉందనుకుంటే అక్షరం ఏడెనిమిది అంగుళాలు ఉండాలన్నమాట.

మన మాస్టారి ఫ్లెక్సీ ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. అంటే 96 అంగుళాలకు 48. ఒక పక్క ఫొటోకు 28 అంగుళాలు పోయి, అంచులు పోగా మాటలకు మిగిలేది 64. ఏడంగుళాల అక్షరం ఇంచుమించు అంతే వెడల్పూ తీసుకుంటుంది కాబట్టి వరసకు తొమ్మిది అక్షరాలు పడతాయి. పైన గుడికీ, కింద ఒత్తుకూ చోటు వదిలితే ఒక్కో వరసకు 14 అంగుళాల ఎత్తు కావాలి. రెండు వరసలకు 28. మిగిలిన 20 అంగుళాల్లో పేరు, హోదా, బడి పేరు సర్దాలి. ‘లెక్కల మాస్టారికి’ ఏడక్షరాలు, ‘లెక్కలేనంత ప్రేమతో’ ఎనిమిదక్షరాలు, మధ్యలో ఖాళీతో కలిపి మొదటి వరసకు ఎనిమిది, రెండో వరసకు తొమ్మిది. సరిగ్గా సరిపోయింది. మూడో వరస ఇరికించామా, అక్షరం నాలుగైదు అంగుళాలకు పడిపోతుంది, వెనక కూర్చున్న ముసలమ్మకు కనబడదు. ఫ్లెక్సీ మీది మాట చిన్నదిగా ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

మాటతో పాటు స్టాఫ్ అందరి పేర్లు, ఫొటోలు, నాయకుల ఫొటోలు వెయ్యాలనే ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడికి లొంగితే ఇంత కష్టపడి ఎంచుకున్న ముక్క మూలన పడుతుంది. పేర్లు కావాలంటే గేటు దగ్గర ఇంకో చిన్న ఫ్లెక్సీ కట్టుకోవచ్చు.

షాపులో జరిగేది కూడా తెలుసుకోవాలి. మనం ఫోన్‌లో పంపే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా ఫ్లెక్సీ షాపుల్లో డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లతో పనిచేస్తారు. మన మెసేజ్‌ను నేరుగా అక్కడ పేస్ట్ చేస్తే అక్షరాలు చిందరవందర అవుతాయి. కాబట్టి వాళ్లు చూసి మళ్లీ టైపు చేస్తారు. తప్పులు దొర్లేది అప్పుడే. ‘ప్రేమ’లో రకారం ఎగిరిపోవచ్చు, ‘లెక్క’లో ఒత్తు పోయి ‘లెక’ కావచ్చు. మన చమత్కారం నిలబడిందే ఆ ‘క్క’ మీద! అందుకని ప్రింటుకు వెళ్లే ముందు డిజైన్ ఫొటో తెప్పించుకుని, ముందు ఆ మాట చూడనివాళ్లతో ఒక్కో అక్షరం పైకి చదివించాలి. రాసినవాళ్ల కన్ను తాము రాసుకున్నదే చదువుతుంది, అచ్చులో ఉన్నది చదవదు. అక్షరాల చుట్టూ మందపాటి అంచు, నీడ, మెరుపులు వద్దని కూడా చెప్పాలి. అవి ఒత్తుల మధ్య ఖాళీలను పూడ్చేస్తాయి. లేత రంగు మీద ముదురు రంగు అక్షరం, మెలికలు లేని ఫాంటు ఎప్పుడూ మేలు.

కేకు కథ వేరు. ఫ్లెక్సీని సభంతా చదువుతుంది, కేకును చుట్టూ నిలబడ్డ పదిమంది చదువుతారు, ఆ తర్వాత ఫొటోలో బంధువులంతా చదువుతారు. కిలో రౌండ్ కేకు దాదాపు ఏడెనిమిది అంగుళాల వెడల్పుంటుంది. చుట్టూ క్రీమ్ పూలకు పోగా రాయడానికి ఆరు అంగుళాలు కూడా మిగలదు. కోన్‌తో పిండుతూ తెలుగు అక్షరం ఒత్తుతో సహా తెలిసేలా రాయాలంటే ముప్పావు అంగుళం కావాలి. అంటే వరసకు ఏడెనిమిది అక్షరాలు, మూడు వరసలు దాటకూడదు. పొల్లులు, ఒత్తుల మీద ఒత్తులు ఉన్న మాటలు కేకు మీద పనికిరావు. ‘కృతజ్ఞతలు’ అని క్రీమ్‌తో రాయమంటే చెయ్యి తిరిగిన మాస్టర్‌కు కూడా కష్టమే. ‘మా మాస్టారు’ అన్నది సులువు.

మన లెక్కల మాస్టారి కేకుకు నేనైతే పరీక్ష పేపర్ భాష వాడతాను: ‘సమాన భాగాలు చేయుము – 5 మార్కులు’. ఇన్నేళ్లూ పిల్లలకు ఆయన ఇచ్చిన ప్రశ్నను ఇప్పుడు పిల్లలు ఆయనకు ఇస్తున్నారు. చేతిలో కత్తి పట్టుకుని ఆయన చదివే తొలి మాట అదే. ఆరో తరగతి పిల్లలకు ముందు అర్థమవుతుంది, పెద్దలకు ఆ తర్వాత. మొదటి వరసలో ‘సమాన భాగాలు’ ఆరక్షరాలు, రెండో వరసలో ‘చేయుము’ మూడు, మూడో వరసలో ‘5 మార్కులు’. ఒత్తు ఒక్కచోటే ఉంది. పేరు లేదు. పేరు లేకపోవడం ఇక్కడ మేలే, ఎందుకంటే పేరు మీద కత్తి పెట్టడం మన పెద్దవాళ్లలో కొందరికి రుచించదు. పేరు తప్పనిసరి అనుకుంటే చిన్న చాక్లెట్ పలక మీద రాయించి అంచున గుచ్చితే, కోసే ముందు తీసి ఆయన చేతికే ఇవ్వొచ్చు. అంకెల కొవ్వొత్తులు మాత్రం వద్దు. ‘62’ అని వెలిగించి ఊదించడానికి ఇది పుట్టినరోజు కాదు.

బేకరీకి మాట ఇచ్చేటప్పుడు ఫోన్‌లో చెప్పడం కంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం మంచిది. మన నగరాల్లో కేకుల పని చేసేవాళ్లలో తెలుగు చదవడం రాని వాళ్లూ ఉంటారు. వాళ్లు అక్షరాన్ని బొమ్మలా చూసి గీస్తారు. గీసేది బొమ్మే కాబట్టి మూల బొమ్మ స్పష్టంగా ఉండాలి. కాగితం మీద ఆ మాట తప్ప ఇంకేమీ రాయకూడదు. ‘కింద పేరు ఎర్ర రంగులో’ అని రాశారో, అది కూడా కేకు మీదకు ఎక్కుతుంది.

ఫ్రెష్ క్రీమ్ కేకు మీద ఎరుపు, నలుపు జెల్‌తో రాసింది గంటలు గడిచేకొద్దీ చెమ్మకు పాకుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఎండలో బడికి తెచ్చేసరికి ఒత్తులు కరిగి కిందికి జారతాయి. కరిగించిన చాక్లెట్‌తో రాస్తే అది గట్టిపడి నిలుస్తుంది. ఇంకా నమ్మకమైన దారి కావాలంటే తినే కాగితం మీద ప్రింట్ చేయించడం, ఫొటో కేకులకు వాడేది అదే. అయితే దాన్ని కూడా ముందురోజు రాత్రే అంటిస్తే చెమ్మకు రంగు పాకుతుంది, కాబట్టి తీసుకెళ్లే ముందు అంటించమని అడగాలి. మాస్టారు గుడ్డు తినని మనిషైతే ఎగ్‌లెస్ చెప్పడం మరిచిపోకూడదు. మాట ఎంత తియ్యగా ఉన్నా తాను కోసిన కేకు తాను తినలేకపోతే ఏం బాగుంటుంది? ఇక వందలమంది పిల్లలకు కిలో కేకు చాలదు, లడ్డూలు విడిగా చేయించాల్సిందే.

బడి దాటి మిగతా కొలువులకూ పద్ధతి ఇదే, ఆ పనిలో రోజూ వినపడే మాటను పట్టుకోవడం. ఆర్టీసీ కండక్టర్‌కు అంతకన్నా మంచి మాట ఇంకేం కావాలి: ‘ఇన్నాళ్లూ మాకు టికెట్ కొట్టారు, ఇక మీ ప్రయాణం... రైట్ రైట్!’ ఇప్పటిదాకా నేను విన్నవాటిలో, రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. చావుకబురు ఛాయ కూడా సోకకుండా వెళ్లడాన్ని పండగ చేసింది. మధ్యాహ్న భోజనం వండిన అమ్మకు పిల్లలు ‘ఉప్పూ కారం సరిపోయాయి, మీతో గడిపిన కాలమే చాల్లేదు’ అని రాయొచ్చు. నర్సమ్మకైతే ‘సూది నొప్పి తెలియనివ్వలేదు, ఈ నొప్పి మాత్రం తెలుస్తోంది’. లైబ్రేరియన్‌కు ‘పుస్తకాలన్నీ తిరిగిచ్చేశాం, మిమ్మల్ని మాత్రం ఇవ్వలేం’. బ్యాంకు క్యాషియర్‌కు ‘మీ స్నేహం మా ఖాతాలో, విత్‌డ్రా లేదు’. వీటిలో ఏదీ ఆ మనిషి మీద జోకు కాదని గమనించండి. పని మాటను ప్రేమ మాటగా తిప్పామంతే.

వెళ్లేది పిల్లలైతే తూకం కొంచెం మారుతుంది. పదో తరగతి వాళ్లకు తొమ్మిదో తరగతి వాళ్లు ఇచ్చే ఫేర్‌వెల్‌లో పరీక్షల భయం ఉంటుంది. మార్కుల మీద, ఫెయిలవడం మీద జోకు వేస్తే ఒకరిద్దరికి ఆ రోజు పాడవుతుంది. ‘హాల్ టికెట్ మరిచిపోకండి... మమ్మల్ని కూడా!’ అంటే ఎవరికీ బాధ లేదు. అమెరికా చదువుకు వెళ్లే అమ్మాయికి ఇంట్లో కోసే కేకు మీద ‘లగేజీకే తూకం, ప్రేమకు లేదు’ అని రాయొచ్చు. ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ సూట్‌కేసును కాటా మీద పెట్టి, ఆవకాయ సీసా తియ్యాలా, పచ్చళ్లు ఉంచి పుస్తకాలు తియ్యాలా అని తగువులాడి ఉంటారు. కాబట్టి ఆ మాట అమ్మమ్మకు కూడా విడమరచి చెప్పక్కర్లేదు. పెళ్లి సంబంధాల మీద, డాలర్ల మీద మాత్రం ఏమీ రాయొద్దు.

ఎవరికైనా సరే, ‘గారు’, ‘మీరు’ విషయంలో చనువు తీసుకోవద్దు. నలుగురు స్నేహితులు కోసుకునే కేకు మీద ‘వెళ్లి రారా’ అని ఉంటే ముద్దుగానే ఉంటుంది. అదే స్టేజీ మీద ఫ్లెక్సీకి ఎక్కితే ఆ స్నేహితుడి తండ్రికి నచ్చదు. ఎక్కడ కడుతున్నామో, ఎవరు చూస్తారో అదే చెబుతుంది ఏకవచనమా, బహువచనమా అన్నది.

ఈ నెలాఖరున మీ ఆఫీసులోనో బడిలోనో ఎవరైనా దిగిపోతుంటే, ఫ్లెక్సీ షాపుకు ఆఖరి రోజు పరిగెత్తకండి. వారం ముందే వాళ్లతో ఎక్కువ కాలం పనిచేసిన అటెండర్‌నో, స్వీపరమ్మనో, డ్రైవర్‌నో అడగండి, వాళ్లు రోజూ అనే మాటేమిటని. ఫ్లెక్సీ మీదికి రావలసిన మాట వాళ్ల దగ్గరే దొరుకుతుంది.